స్టూడెంట్ వీసా, వర్క్ వీసా, గ్రీన్ కార్డు: అమెరికా చదువుకు ముందు తెలియాల్సిన లెక్క

అమెరికాలో ఎంఎస్‌కు సిద్ధమవుతున్న పిల్లలున్న ఇళ్లలో ఒక లెక్క తరచూ వినిపిస్తుంది. రెండేళ్లు చదువు, తర్వాత ఉద్యోగం, ఆ కంపెనీయే హెచ్-1బి అనే వర్క్ వీసా చేయిస్తుంది, నాలుగైదేళ్లకు గ్రీన్ కార్డు వచ్చేస్తుంది. బ్యాంకు లోన్, పెళ్లి సంబంధం, ఇల్లు కొనే ఆలోచన అన్నీ ఈ లెక్క మీదే ఆధారపడుతుంటాయి. ఒకటి పూర్తయితే రెండోది దానంతటదే వస్తుందన్న నమ్మకం ఇందులో ఉంది. అమెరికా చట్టం మాత్రం ఈ మూడింటినీ మూడు వేర్వేరు అనుమతులుగానే చూస్తుంది. ఒకదానికి అర్హత ఉన్నంత మాత్రాన రెండోదాని మీద హక్కు రాదు.

తేడా ఎక్కడుందో పట్టుకోవాలంటే ప్రతి అనుమతి గురించీ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మన తరఫున ఎవరు అడుగుతున్నారు? అది దేనికి కట్టుబడి ఉంది? ఏం జరిగితే పోతుంది? స్టూడెంట్ వీసా యూనివర్సిటీకి కట్టుబడి ఉంటుంది, వర్క్ వీసా కంపెనీకి. గ్రీన్ కార్డు ఒక్కటే పూర్తిగా మన పేరున మన దగ్గర ఉంటుంది.

## వీసా స్టాంపు వేరు, స్టేటస్ వేరు

పాస్‌పోర్టులో అతికించే వీసా అమెరికా గుమ్మం దాకా వెళ్లడానికి అనుమతి. లోపలికి వెళ్లాక అక్కడ ఉండే హక్కును స్టేటస్ అంటారు. ఎయిర్‌పోర్టులో అధికారి ప్రవేశం ఇచ్చినప్పుడు ఐ-94 అనే రికార్డు తయారవుతుంది. ఏ హోదాలో, ఎంతకాలం ఉండవచ్చో చెప్పేది అదే.

దీనివల్ల రెండు వింత పరిస్థితులు వస్తాయి. చదువు మధ్యలో స్టాంపు గడువు తీరినా, స్టేటస్ సరిగ్గా ఉంటే విద్యార్థి అమెరికాలో చట్టబద్ధంగానే ఉన్నట్టు. దేశం దాటి వస్తే మాత్రం మళ్లీ లోపలికి వెళ్లడానికి కొత్త స్టాంపు కావాలి. ఇందుకు పూర్తిగా తలకిందుల పరిస్థితీ ఉంది. స్టాంపు మీద ఇంకా మూడేళ్లు మిగిలి ఉన్నా, చెప్పకుండా కోర్సులు తగ్గించుకుంటే, అనుమతి లేకుండా బయట పని చేస్తే స్టేటస్ పోతుంది. అప్పుడు స్టాంపు చూపించి ఉండలేరు. 'వీసా ఐదేళ్లు ఇచ్చారు, ఐదేళ్లదాకా భయం లేదు' అనే మాట ఎంతమందిని ఇబ్బందుల్లోకి నెట్టిందో చెప్పలేం.

## స్టూడెంట్ వీసా: తిరిగి వస్తానన్న షరతు మీద ఇచ్చేది

యూనివర్సిటీ సీటు ఇచ్చాక ఐ-20 అనే పత్రం పంపుతుంది. విద్యార్థి వివరాలన్నీ సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో ఉంటాయి. అందుకు 350 డాలర్ల సెవిస్ ఫీజు, వీసా దరఖాస్తుకు 185 డాలర్లు కట్టి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లాలి.

ఇంటర్వ్యూలో తిరస్కరణ పొందినవారిలో ఎక్కువమందికి ఇచ్చే కాగితం మీద 214(బి) అని ఉంటుంది. అమెరికా వలస చట్టంలోని ఆ సెక్షన్ ప్రకారం, దరఖాస్తు పెట్టిన వ్యక్తి అక్కడ స్థిరపడటానికే వస్తున్నాడని అధికారి ముందుగానే అనుకోవాలి. కాదని నిరూపించుకునే బాధ్యత విద్యార్థిదే. అంటే ఎఫ్-1 అనేది చదివి తిరిగి వెళ్తానన్న ఉద్దేశం మీద ఇచ్చే వీసా. ఇంట్లో గ్రీన్ కార్డు దాకా ప్లాన్ వేసుకుని, ఇంటర్వ్యూలో ఆ మాటే చెబితే తిరస్కరణ రావడానికి కారణం ఇదే. హెచ్-1బికి ఈ షరతు వర్తించదు. ఆ వీసా మీద ఉంటూనే స్థిర నివాసానికి ప్రయత్నించడాన్ని చట్టం ఒప్పుకుంటుంది.

చదివే కాలంలో క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే వారానికి 20 గంటల దాకా పని చేయవచ్చు. బయటి రెస్టారెంట్లో, పెట్రోల్ బంకులో నగదు తీసుకుని చేసే పని అనుమతి లేని పనే. తర్వాత హెచ్-1బి దరఖాస్తులో ఆ పని ప్రశ్నగా తిరిగొస్తే 'అందరూ చేస్తున్నారు' అన్నది సమాధానం కాదు.

కాలేజీ ఎంపిక కూడా ఇక్కడే ముడిపడి ఉంది. 2019లో మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ నిజానికి అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే నడిపిన బూటకపు సంస్థ అని బయటపడింది. క్లాసులకు వెళ్లకుండా పని చేసుకునే వీలు కోసం చేరిన వందల మంది భారతీయులు, వారిలో చాలామంది తెలుగువారు, స్టేటస్ కోల్పోయారు. క్లాసులు నడవకుండా మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని చెప్పే చోట, మన స్టేటస్ ఆ సంస్థ నిజాయితీ మీదే ఆధారపడుతుంది.

## ఓపీటీ: వర్క్ వీసా కాదు, చదువుకు కొనసాగింపు

డిగ్రీ అయ్యాక వచ్చే ఓపీటీని చాలామంది వర్క్ వీసా అనుకుంటారు. అది ఎఫ్-1 స్టేటస్‌లో భాగమే. చదివిన సబ్జెక్టుకు సంబంధించిన ఉద్యోగంలో 12 నెలలు అనుభవం పొందడానికి ఇచ్చే అనుమతి. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, గణితం వంటి స్టెమ్ కోర్సులు చదివినవారికి మరో 24 నెలలు పొడిగిస్తారు. మొత్తం 36 నెలలు.

మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. స్టెమ్ పొడిగింపు వస్తే మొదటి దశలో వాడిన రోజులతో కలిపి 150 దాకా ఒప్పుకుంటారు. ఉద్యోగం దొరక్క కంగారుపడి, జీతం ఇవ్వని, పని లేని ఒక కంపెనీ పేరు మాత్రం వాడుకునే అలవాటు ఇక్కడే పుడుతుంది. ఆ పేరు సెవిస్‌లో పడుతుంది. మూడేళ్ల తర్వాత హెచ్-1బి కోసం దరఖాస్తు చేసినప్పుడు, ఆ కాలంలో నిజంగా ఏం పని చేశారో రుజువులు చూపమని అడిగితే చేతిలో ఏమీ ఉండదు.

ఓపీటీ మీద అమెరికాలో వాదన చాలా ఏళ్లుగా నడుస్తోంది. ఇది పార్లమెంటు చేసిన చట్టంలో లేదని, ప్రభుత్వ నిబంధనలతో పుట్టిందని వ్యతిరేకులు అంటారు. ఈ విద్యార్థుల జీతాలపై సామాజిక భద్రత పన్ను ఉండదు కాబట్టి కంపెనీలకు వాళ్లు చవక అవుతారన్నది వారి ప్రధాన అభ్యంతరం. చదువుకు అనుభవం తోడు కాకపోతే అక్కడి యూనివర్సిటీలకు విదేశీ విద్యార్థులు రారని, వారు కట్టే ఫీజుల మీదే ఎన్నో విభాగాలు నడుస్తున్నాయని మరోవైపు వాదన. 2022లో అప్పీల్ కోర్టు ఓపీటీని సమర్థించింది. అయితే నిబంధనతో పుట్టింది నిబంధనతోనే మారగలదు. మొదట 17 నెలలు ఉన్న స్టెమ్ పొడిగింపు 2016లో 24 అయ్యింది కూడా అలాగే.

## హెచ్-1బి: కంపెనీ అడిగితేనే, అదీ లాటరీలో తగిలితేనే

వర్క్ వీసాకు మనం దరఖాస్తు చేయలేం. కంపెనీ చేయాలి. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. ప్రతి మార్చిలో కంపెనీలు పేర్లు నమోదు చేస్తాయి, ఎంపికైనవారి ఉద్యోగం అక్టోబరు 1 నుంచి హెచ్-1బి మీద మొదలవుతుంది. 2025 మార్చిలో అర్హత ఉన్న నమోదులు సుమారు 3.44 లక్షలు. ఎంపికైనవి 1.20 లక్షలు. యూనివర్సిటీలు, వాటికి అనుబంధమైన పరిశోధన సంస్థలకు ఈ పరిమితి లేదు. అక్కడ ఉద్యోగం వస్తే లాటరీ అవసరం ఉండదు.

2026 ఫిబ్రవరి 27 నుంచి ఎంపిక పద్ధతి మారింది. ఇంతకుముందు అందరికీ సమాన అవకాశం. ఇప్పుడు జీతం స్థాయిని బట్టి పేరు ఒకటి నుంచి నాలుగుసార్లు లాటరీలో పడుతుంది. కొత్తగా చేరేవారి జీతం లెవెల్ 1, బాగా అనుభవం ఉన్నవారిది లెవెల్ 4. ఈ లెవెల్‌ను ఉద్యోగాన్ని బట్టే కాక ఊరిని బట్టి కూడా నిర్ణయిస్తారు. శాన్ హోసేలో లెవెల్ 1 అయ్యే జీతం, జీవన వ్యయం తక్కువున్న ఊళ్లో పై లెవెల్‌కు చేరవచ్చు.

దీన్ని ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. ఖమ్మం అమ్మాయి సాహితి 2026 ఆగస్టులో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌లో చేరి 2028 మేలో పూర్తి చేసిందనుకుందాం. ఓపీటీ 2028 జులై నుంచి 2029 జులై దాకా. స్టెమ్ పొడిగింపు 2031 జులై దాకా. ఈ లోపల ఆమెకు 2029, 2030, 2031 మార్చిల్లో మూడు లాటరీలు దొరుకుతాయి. చివరిసారి తగిలి, కంపెనీ సకాలంలో దరఖాస్తు వేస్తే జులై నుంచి అక్టోబరు దాకా ఉన్న ఖాళీని క్యాప్-గ్యాప్ అనే నిబంధన నింపుతుంది. ఆ నెలల్లోనూ ఆమె పని చేసుకోవచ్చు.

కొత్త పద్ధతిని ప్రతిపాదించినప్పుడు ప్రభుత్వం వేసిన అంచనా ప్రకారం లెవెల్ 1 ఉద్యోగికి ఏడాదిలో ఎంపికయ్యే అవకాశం సుమారు 15 శాతం, లెవెల్ 2కు సుమారు 31 శాతం. సాహితి మూడేళ్లూ లెవెల్ 1లోనే ఉంటే, మూడుసార్లూ తగలకుండా పోయే అవకాశం 0.85ను మూడుసార్లు గుణిస్తే తేలుతుంది. అది సుమారు 61 శాతం. లెవెల్ 2లో ఉంటే 33 శాతం. నిజ జీవితంలో జీతం ఏటా పెరగవచ్చు, నమోదుల సంఖ్య మారవచ్చు, మాస్టర్స్ కోటా కొంచెం తోడ్పడవచ్చు. అయినా ఈ రెండు అంకెల మధ్య దూరం చూస్తే, కొత్తగా చదివి వచ్చేవారి మీద ఈ మార్పు ఎంత బరువు పెట్టిందో అర్థమవుతుంది. ఎక్కువ నైపుణ్యానికే ఎక్కువ అవకాశం ఉండాలని, చవక జీతాలకు మనుషుల్ని తెచ్చే కంపెనీలకు ఇది అడ్డుకట్ట అని సమర్థించేవారి మాట. 24 ఏళ్లకు ఎవరికీ లెవెల్ 4 జీతం రాదని, అక్కడి యూనివర్సిటీల్లో చదివిన పిల్లలే ఎక్కువ నష్టపోతారని వ్యతిరేకుల మాట. నాకు రెండోది ఎక్కువ నిజమనిపిస్తుంది. లోన్ తీసుకుని వెళ్లిన విద్యార్థికి జీతం స్థాయి ఎంచుకునే వీలు ఎక్కడ ఉంటుంది?

2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు గురించి కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే దీనిపై గందరగోళం ఎక్కువ. ఏడాది గడువుతో వచ్చిన ఆ అధ్యక్ష ఉత్తర్వు అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులకు వర్తిస్తుంది. అమెరికాలోనే ఉంటూ ఎఫ్-1 నుంచి హెచ్-1బికి స్టేటస్ మార్చుకునేవారికి వర్తించదని అక్టోబరులో వలస విభాగం స్పష్టం చేసింది. అయితే ఆ దరఖాస్తు ఆమోదం కాకముందే దేశం దాటితే స్టేటస్ మార్పు వదులుకున్నట్టే లెక్క. అప్పుడు ఫీజు మీద పడుతుంది. సాహితి కాలానికీ ఈ ఫీజు ఉండి, ఆమె అక్క పెళ్లి ఆమోదం కోసం ఎదురుచూసే నెలల్లో పడిందంటే, ఆ విమానం టికెట్ ఖరీదు ఎంతో ముందే తెలియాలి.

హెచ్-1బి వచ్చాక ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల దాకా గడువు ఉంటుంది. ఈలోగా మరో కంపెనీ దరఖాస్తు వేస్తే మళ్లీ లాటరీ ఉండదు. ఒకసారి తగిలినవారు ఆ లెక్కలో ఉన్నట్టే. ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఉన్నా జీతం ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీదే. వీసా మొత్తం ఆరేళ్లు, మూడేసి ఏళ్లుగా.

## గ్రీన్ కార్డు: పుట్టిన దేశం చూసే క్యూ

ఇక్కడ కూడా మొదలు పెట్టేది కంపెనీయే. ముందు పెర్మ్ అనే దశ. ఈ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని ప్రకటనలిచ్చి చూపాలి. తర్వాత కంపెనీ వేసే ఐ-140 అనే వలస దరఖాస్తు, చివరగా వ్యక్తి తన పేరున వేసే ఐ-485 అనే గ్రీన్ కార్డు దరఖాస్తు. పెర్మ్ వేసిన తేదీనే ప్రయారిటీ డేట్ అంటారు. అది క్యూలో మన టోకెన్ నంబరు.

ఆ క్యూ ఎందుకంత పొడవో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఉద్యోగాల ద్వారా ఏడాదికి ఇచ్చేవి సుమారు 1,40,000. మాస్టర్స్ చదివినవారు ఎక్కువగా వచ్చే ఈబీ-2 విభాగానికి అందులో సుమారు 40,000. ఒక్కో దేశంలో పుట్టినవారికి 7 శాతం పరిమితి. అంటే భారత్‌కు మామూలుగా 2,800, మిగతా దేశాలవారు వాడుకోనివి ఉంటే కొన్ని ఎక్కువ. ఈ అంకెలో ఉద్యోగితో పాటు జీవిత భాగస్వామి, పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. హెచ్-1బిలో ఇలాంటి దేశ పరిమితి లేదు, అక్కడ ఎక్కువ మంది భారతీయులే. ఏటా అటువైపు నుంచి పదుల వేలమంది చేరుతుంటే ఇటువైపు వేలల్లోనే బయటికి వస్తున్నారు. 2025 అక్టోబరు వీసా బులెటిన్‌లో భారత్ ఈబీ-2 తేదీ 2013 ఏప్రిల్ 1. అంటే ఆ తేదీకి ముందు పెర్మ్ వేసినవారికే అప్పుడు కార్డు దక్కే వీలుంది. పన్నెండున్నరేళ్లు. వెనుక చేరినవారు ఇంకా ఎక్కువ కాబట్టి, ఈరోజు చేరేవారి నిరీక్షణ పన్నెండేళ్లకు ఆగుతుందనుకోవడానికి ఆధారం లేదు.

పరిమితి పౌరసత్వాన్ని కాక పుట్టిన దేశాన్ని చూస్తుంది. హైదరాబాద్‌లో పుట్టి తర్వాత కెనడా పౌరుడైనా భారత్ క్యూలోనే. అదే దుబాయ్‌లోనో కువైట్‌లోనో పుట్టిన తెలుగు పిల్లలు భారతీయ పాస్‌పోర్టు ఉన్నా ఆ దేశాల క్యూలోకి వెళ్తారు. జీవిత భాగస్వామి వేరే దేశంలో పుడితే వారి క్యూ వాడుకోవచ్చు. అమెరికాలో పుట్టిన బిడ్డ వల్ల తల్లిదండ్రులకు ఈ వీలు రాదు.

దేశ పరిమితి తీసేయాలన్న బిల్లులు అమెరికా పార్లమెంటు ముందుకు చాలాసార్లు వచ్చాయి. ఒకే పని చేసే ఇద్దరిలో పుట్టిన చోటును బట్టి ఒకరు కొద్ది ఏళ్లలో, మరొకరు దశాబ్దం దాటాక కార్డు పొందడం అన్యాయమని ఒక వాదన. పరిమితి ఎత్తేస్తే కొన్నేళ్లపాటు కార్డులన్నీ ఒకటి రెండు దేశాలకే వెళ్లి మిగతా దేశాల నర్సులు, పరిశోధకులు ఆగిపోతారన్నది ఎదురు వాదన. రెండింటిలోనూ పస ఉంది. మొత్తం సంఖ్య పెంచకపోతే ఎవరో ఒకరు వేచి ఉండాల్సిందే.

## క్యూలో ఉన్నంతకాలం చేతిలో ఏముంటుంది

క్యూలో ఉండటం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. ఐ-140 ఆమోదం పొందాక రెండు ముఖ్యమైన వెసులుబాట్లు వస్తాయి. హెచ్-1బిని ఆరేళ్ల తర్వాత కూడా మూడేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు. కంపెనీ మారితే కొత్త కంపెనీ పెర్మ్, ఐ-140 మళ్లీ చేయాలి కానీ, పాత ప్రయారిటీ డేట్ సాధారణంగా మనతోనే వస్తుంది. కాబట్టి సాహితికి 2031 అక్టోబరులో హెచ్-1బి మొదలైతే, ఆమెకు అసలు గడియారం పెర్మ్ వేసిన రోజు నుంచే నడుస్తుంది. ఆరో ఏడాది మొదలయ్యేలోపు, అంటే 2036 అక్టోబరుకు ముందు, పెర్మ్ వేసి ఉండటం క్షేమం. గ్రీన్ కార్డు ప్రక్రియను ఒకటి రెండేళ్ల సర్వీసు తర్వాతే మొదలుపెట్టే కంపెనీలు ఉన్నాయి. ఉద్యోగం తీసుకునేటప్పుడు జీతంతో పాటు ఆ మాట కూడా తెలిసి ఉంటే, అది జీతంలో కొంత భాగంతో సమానం.

భాగస్వామి హెచ్-4 అనే డిపెండెంట్ వీసా మీద ఉంటారు. హెచ్-1బి ఉన్నవారి ఐ-140 ఆమోదం అయ్యాక, 2015లో వచ్చిన నిబంధన కింద వారు పని అనుమతి తీసుకోవచ్చు. పిల్లల విషయం కఠినం. చిన్నప్పుడు ఇక్కడి నుంచి తీసుకెళ్లిన బిడ్డకు 21 ఏళ్లు నిండేలోపు తల్లిదండ్రుల తేదీ రాకపోతే, కొన్ని మినహాయింపులు పోను, ఆ బిడ్డ కుటుంబం దరఖాస్తు నుంచి బయటికి వెళ్తాడు. అమెరికాలోనే పెరిగిన ఆ పిల్లవాడు మళ్లీ ఎఫ్-1తో మొదలుపెట్టాలి.

కార్డు వచ్చాక కంపెనీతో సంబంధం తెగుతుంది. ఉద్యోగం మానేసినా, సొంత వ్యాపారం పెట్టినా ఉండవచ్చు. అయినా అది పౌరసత్వం కాదు. ఓటు ఉండదు, ఎక్కువకాలం దేశం బయట ఉంటే లేదా కొన్ని నేరాలు చేస్తే పోతుంది. ఐదేళ్ల తర్వాతే పౌరసత్వానికి దరఖాస్తు.

## ఇదే మూడు దశలు వేరే దేశాల్లో

కెనడాలో డిగ్రీ తర్వాత మూడేళ్ల దాకా ఇచ్చే పని అనుమతి ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడి ఉండదు. స్థిర నివాసానికి వయసు, చదువు, భాష, అనుభవాలకు పాయింట్లు వేసి పిలుస్తారు. పుట్టిన దేశం పరిమితి లేదు, కంపెనీ దరఖాస్తు అవసరం లేదు. ఇక్కడ గండం వేరే చోట ఉంది. 2024 నుంచి విద్యార్థుల సంఖ్యకే పరిమితి పెట్టారు, పాయింట్ల కటాఫ్ చాలాసార్లు 500 దాటుతోంది. పని అనుమతి మూడేళ్లలో తీరేలోపు ఆ పాయింట్లు రాకపోతే మళ్లీ మొదటికే.

జర్మనీలో చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. అక్కడి యూనివర్సిటీలో డిగ్రీ చేసి తగిన ఉద్యోగంలో రెండేళ్లు పని చేసినవారు, పెన్షన్ చెల్లింపులు, జర్మన్ భాష వంటి షరతులు తీర్చితే స్థిర నివాసానికి అర్హులు. లాటరీ లేదు. కానీ ఇంగ్లిష్‌లో ఎంఎస్ చదివి, జర్మన్ రాకుండా ఉద్యోగం వెతికేవారికి 18 నెలలు ఇట్టే గడిచిపోతాయి.